ఒకే పోర్ట్‌ఫోలియో, ఒకే సూత్రం, రెండు నష్టాల అంచనాలు: డ్యూరేషన్, కన్వెక్సిటీపై ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఒక పదవీ విరమణ నిధి తన బాండ్ల పెట్టుబడులకు ఒక గీత గీసుకుంది. ఈల్డ్, అంటే బాండును నేటి ధరకు కొంటే వచ్చే వార్షిక రాబడి రేటు, ఉన్నట్టుండి ఒక శాతం పెరిగినా బాండ్ల మొత్తం విలువ పది శాతానికి మించి తగ్గకూడదు. తగ్గే అవకాశం ఉందని తేలితే కొంత అమ్మి సర్దుకోవాలి. ఇక్కడ ఒక శాతం అంటే 6 నుంచి 7కు పెరగడం, అంటే 100 బేసిస్ పాయింట్లు. 6లో నూరో వంతు పెరిగి 6.06 కావడం కాదు.

సంస్థను గుర్తుపట్టే వివరాలన్నీ తీసేశాను. వాటాలను, ధరలను లెక్క సులువుగా సాగేలా సరిచేశాను. పోర్ట్‌ఫోలియోలో రెండు బాండ్లే ఉన్నాయనుకుందాం. మొదటిది 30 ఏళ్ల బాండు. కూపన్, అంటే ఏటా ఇచ్చే వడ్డీ, 6 శాతం, ఆరు నెలలకోసారి చెల్లింపు, ఈల్డ్ 6 శాతం, ధర 100. మొత్తం విలువలో దీని వాటా 70 శాతం. రెండోది 15 ఏళ్ల కాలబుల్ బాండు. కూపన్ 7 శాతం, ధర 101. రెండేళ్ల తర్వాత ఎప్పుడైనా దీన్ని 100 ధరకు వెనక్కి తీసుకునే హక్కు జారీదారుకు ఉంది. దీని వాటా 30 శాతం.

సమస్య

పెట్టుబడుల కమిటీ ముందుకు ఒకే రోజు రెండు నోట్లు వచ్చాయి. ఈల్డ్ ఒక శాతం పెరిగితే నష్టం 10.23 శాతమని, గీత దాటామని రిస్క్ విభాగం రాసింది. నష్టం 8.15 శాతమేనని, ఇంకా చోటుందని పెట్టుబడుల విభాగం రాసింది. ఇద్దరూ వాడింది ఒకే సూత్రం. డ్యూరేషన్, కన్వెక్సిటీ అంకెలను తీసుకున్నదీ బాండ్ల వివరాలు చూపే ఒకే సాఫ్ట్‌వేర్ స్క్రీను నుంచి. ఎవరి లెక్క సరైనదో తేల్చమని నన్ను పిలిచారు.

```
ΔP/P ≈ −D × Δy + ½ × C × (Δy)²
```

ఇందులో ΔP/P ధరతో పోలిస్తే వచ్చే మార్పు, D మోడిఫైడ్ డ్యూరేషన్, C కన్వెక్సిటీ, Δy ఈల్డ్‌లో మార్పు. ఒక శాతానికి Δy విలువ 0.01. ఈల్డ్ ఇప్పుడున్న చోట ధర ఎంత వాలుగా పడుతోందో మొదటి పదం చెబుతుంది. కానీ ధర గీత తిన్నగా ఉండదు. మామూలు బాండుకు ఈల్డ్ పెరిగేకొద్దీ ఆ వాలు తగ్గుతూ వస్తుంది కాబట్టి డ్యూరేషన్ ఒక్కటే వాడితే నష్టం ఎక్కువగా కనిపిస్తుంది. ఆ వంపు లెక్కను రెండో పదం చూసుకుంటుంది.

వాటాల లెక్కన చూస్తే డ్యూరేషన్ భాగంలో ఇద్దరికీ తేడా లేదు. 30 ఏళ్ల బాండుకు మోడిఫైడ్ డ్యూరేషన్ 13.84, కాలబుల్ బాండుకు స్క్రీను చూపిన డ్యూరేషన్ 1.84. 70, 30 వాటాలతో కలిపితే నష్టం 10.24 శాతం. అంటే తగాదా అంతా రెండో పదంలోనే ఉంది.

మొదట చూసింది: కన్వెక్సిటీ కొలమానం

30 ఏళ్ల బాండుకు స్క్రీను మీద కనిపించిన కన్వెక్సిటీ 2.965. రిస్క్ విభాగం దాన్ని ఉన్నదున్నట్టుగా సూత్రంలో వేసింది. సగం చేసి, 0.0001తో గుణిస్తే వచ్చేది 0.015 శాతం. "కన్వెక్సిటీ కలిపినా పెద్ద తేడా ఏమీ రాదండీ" అని ఆ విభాగం అధికారి నాతో అన్నారు. ఆయన స్ప్రెడ్‌షీట్ ప్రకారం ఆ మాట నిజమే. పెట్టుబడుల విభాగం మాత్రం ఆ అంకెను నూరుతో గుణించి 296.5గా తీసుకుంది. స్క్రీను ఇచ్చేది సగం చేసిన అంకేనని భావించి సూత్రంలోని సగాన్ని వదిలేసింది. దాంతో ఆ బాండుకు ఏకంగా 2.965 శాతం ఊరట వచ్చింది.

రెండు పద్ధతులూ ఎక్కడో ఒకచోట వాడుకలో ఉన్నవే. కన్వెక్సిటీని నూరుతో భాగించి చూపే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, సగాన్ని ముందే కలిపి ఇచ్చేవీ ఉన్నాయి. సహాయ పత్రం వెతికే ముందు, ఆ అంకె అసలు సాధ్యమేనా అని చూడటం నా అలవాటు. చెల్లింపులు ముందే ఖాయమైన బాండుకు కన్వెక్సిటీ ఎప్పుడూ డ్యూరేషన్ వర్గం కంటే ఎక్కువే ఉంటుంది. డ్యూరేషన్‌లో ప్రతి చెల్లింపు కాలానికీ దాని ప్రస్తుత విలువను బట్టి బరువు వేస్తాం. కన్వెక్సిటీలో అదే బరువు ఆ కాలం వర్గం కంటే కాస్త పెద్దదైన సంఖ్యకు పడుతుంది. వర్గాల సగటు, సగటు వర్గం కంటే తగ్గదు. 13.84 వర్గం 191.5 కాబట్టి 2.965 అనేది సూత్రంలో వేయదగిన అంకె కానే కాదు. రిస్క్ విభాగం లెక్క అక్కడితో తేలిపోయింది.

రెండో విభాగం లెక్కను మాత్రం ఈ పరీక్ష పట్టుకోలేదు. 296.5 నిజంగానే సగం చేసిన అంకె అయితే అసలు కన్వెక్సిటీ 593 అవుతుంది. అది కూడా 191.5 కంటే పెద్దదే. కాబట్టి ధరలనే నేరుగా లెక్కగట్టాలి.

సరిపోయినట్టే కనిపించిన పరీక్ష

పెట్టుబడుల విభాగంలోని ఒక విశ్లేషకురాలు ఆ పని చేసి పెట్టారు. ఈల్డ్ 7 శాతమైతే ఆ బాండు ధర 87.53, 5 శాతమైతే 115.45. ఈ రెండింటితో, ఇప్పటి ధర 100తో ఆమె డ్యూరేషన్‌ను, కన్వెక్సిటీని ఇలా గట్టారు.

```
D = (P₋ − P₊) / (2 × P₀ × Δy)
C = (P₋ + P₊ − 2 × P₀) / (P₀ × Δy²)
```

ఇక్కడ P₋ ఈల్డ్ తగ్గినప్పటి ధర, P₊ పెరిగినప్పటి ధర, P₀ ఇప్పటి ధర. డ్యూరేషన్ 13.96, కన్వెక్సిటీ 298.2 వచ్చాయి. 298.2 స్క్రీను చెప్పిన 296.5కు దగ్గరగా ఉంది, 593కు ఆమడ దూరంలో ఉంది. అంటే స్క్రీను ఇస్తున్నది నూరుతో భాగించిన పూర్తి కన్వెక్సిటీ. సూత్రంలోని సగం ఉండాల్సిందే. దీంతో 8.15 లెక్క కూడా పోయింది.

ఆమె అక్కడితో ఆగలేదు. ఆ రెండు అంకెలను సూత్రంలో వేస్తే నష్టం 12.47 శాతం వచ్చింది. నేరుగా గట్టిన ధర ప్రకారమూ నష్టం 12.47 శాతమే. దశాంశాలు ఎన్ని చూసినా తేడా లేదు. "డ్యూరేషన్, కన్వెక్సిటీ కలిస్తే ఒక శాతం మార్పుకు అంచనా పక్కాగా వస్తుంది" అని నోటులో రాయబోయారు. దాన్ని ఆపాల్సి వచ్చింది. పైన ఉన్న D, C లను సూత్రంలో పెట్టి విప్పి చూడండి. P₋ కొట్టివేతలో పోతుంది, మిగిలేది P₊ − P₀ మాత్రమే. ఒక శాతం కదిపి గట్టిన D, C లు అదే ఒక శాతానికి ఎప్పుడూ సరిగ్గా సరిపోతాయి. బాండు ఎలాంటిదైనా, ధరలు తప్పుడివైనా సరే సరిపోతాయి. కొలమానం తేల్చడానికి ఆ లెక్క పనికొచ్చింది. అంచనా ఎంత మంచిదో అది చెప్పలేదు.

అసలు పరీక్షకు చిన్న కదలికతో D, C గట్టి, పెద్ద కదలికను అంచనా వేయాలి. ఈల్డ్‌ను 10 బేసిస్ పాయింట్లు అటూ ఇటూ కదిపి చూశాం. డ్యూరేషన్ 13.84, కన్వెక్సిటీ 296.5 వచ్చాయి. వీటితో ఒక శాతం పెరుగుదలకు డ్యూరేషన్ వాటా నష్టం 13.84, కన్వెక్సిటీ ఇచ్చే ఊరట 1.48, నికర నష్టం 12.36 శాతం. నిజమైన నష్టం 12.47. తేడా 0.11 శాతం ఉంది, అది కూడా తక్కువ చూపే వైపు ఉంది. డ్యూరేషన్ ఒక్కటే వాడితే నష్టం ఎక్కువ కనిపిస్తుంది. కన్వెక్సిటీ కలిపితే కాస్త తక్కువ కనిపిస్తుంది. ఎందుకంటే ఈల్డ్ పెరిగేకొద్దీ ఆ వంపు కూడా సడలుతుంది, సూత్రానికి ఆ సంగతి తెలియదు. ఒక గీతకు దగ్గరగా ఉన్నప్పుడు తప్పు ఎంత అన్నదానికంటే ఎటువైపు అన్నదే ముఖ్యం.

చిన్న కదలికతో లెక్కగట్టేవారికి ఒక జాగ్రత్త. 10 బేసిస్ పాయింట్ల కదలికలో కన్వెక్సిటీ వల్ల మూడు ధరల మధ్య కనిపించే తేడా 0.03 మాత్రమే. ధరలను రెండు దశాంశాలకు కుదిస్తే, 0.01 పొరపాటు కూడా కన్వెక్సిటీని 100 మేర మార్చేస్తుంది. మొదటిసారి మా స్ప్రెడ్‌షీట్ స్క్రీను ధరలనే తీసుకుంది. ఒక్కో రోజు ఒక్కో కన్వెక్సిటీ ఇవ్వడంతో సంగతి బయటపడింది. ధరలను ఆరు దశాంశాల వరకు ఉంచాక అది నిలకడగా వచ్చింది.

విఫలమైంది: కాలబుల్ బాండు

కొలమానం, సగం రెండూ సరిచేశాక పోర్ట్‌ఫోలియో నష్టం 9.20 శాతమని వచ్చింది. 30 ఏళ్ల బాండు నుంచి 8.65, కాలబుల్ బాండు నుంచి 0.55. గీత లోపలే ఉన్నామని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

నాకు ఆ 0.55 నచ్చలేదు. 15 ఏళ్ల బాండుకు 1.84 డ్యూరేషన్ ఎక్కడి నుంచి వచ్చింది? జారీదారు రెండేళ్లకే వెనక్కి తీసుకుంటారని స్క్రీను ఊహించింది. ధర 101 ఉన్నప్పుడు రెండేళ్ల వరకు గట్టిన ఈల్డ్ సుమారు 6.46 శాతం, 15 ఏళ్ల వరకు గట్టినది 6.89. పెట్టుబడిదారుకు తక్కువ వచ్చే దారినే లెక్కకు తీసుకోవడం వాడుక. ఈల్డ్ చెప్పడానికి అది సబబే. ఈల్డ్ పెరిగితే ఏమవుతుందో చెప్పడానికి మాత్రం అది సరిగ్గా తలకిందుల ఊహ. వడ్డీలు పెరిగితే జారీదారు చవకైన అప్పును ముందే ఎందుకు తీరుస్తారు? రెండేళ్లలో ముగుస్తుందనుకున్న బాండు మళ్లీ 15 ఏళ్ల బాండు అయి కూర్చుంటుంది.

అనుమానం తీర్చుకోవడానికి పాత ధరలు చూశాం. ఒక నెలలో ఈల్డ్ సుమారు పావు శాతం పెరిగినప్పుడు 30 ఏళ్ల బాండు 3.4 శాతం పడింది. సూత్రం చెప్పేదీ అంతే. కాలబుల్ బాండు మాత్రం 0.9 శాతానికి దగ్గరగా పడింది. 1.84 డ్యూరేషన్ ప్రకారం పడాల్సింది 0.46. నెల ఒకటే, కదలిక ఒకటే. ఒక బాండుకు అంచనా అతికింది, మరొకదానికి సగమే వచ్చింది.

పనిచేసింది

కాలబుల్ బాండుకు ఖాయమైన చెల్లింపుల పట్టికతో డ్యూరేషన్ గట్టడం మానేశాం. వడ్డీ రేట్లు ఎన్ని దారుల్లో పోవచ్చో చూసి, ప్రతి దారిలో జారీదారు హక్కు వాడుకుంటారా లేదా అని తేల్చే మోడల్‌తో ధరలు గట్టించాం. ఇక్కడ కదిపేది ఆ బాండు ఈల్డ్‌ను కాదు, వేర్వేరు కాలాల ఈల్డ్‌లను చూపే మొత్తం ఈల్డ్ కర్వ్‌ను. చెల్లింపులే మారిపోయే బాండుకు ఒకే ఈల్డ్ అనే మాటకు అర్థం ఉండదు.

కర్వ్ ఒక శాతం దిగితే ధర 103.40. ఒక శాతం పెరిగితే 96.80. లాభం 2.40, నష్టం 4.20. వడ్డీలు తగ్గినప్పుడు ధర 100 చుట్టుపక్కలే ఇరుక్కుంటుంది, పెరిగినప్పుడు స్వేచ్ఛగా పడుతుంది. ఈ మోడల్ ధరలతో గట్టిన డ్యూరేషన్, అంటే ఎఫెక్టివ్ డ్యూరేషన్, 3.27, కన్వెక్సిటీ మైనస్ 178. మామూలు బాండులో రెండో పదం నష్టాన్ని తగ్గిస్తుంది. ఇక్కడ అదే పదం 0.89 శాతం అదనపు నష్టాన్ని తెస్తుంది. 3.27కు 0.89 కలిపితే 4.16 శాతం. స్క్రీను అంకెలతో వచ్చిన 1.82 శాతానికి ఇది రెండింతలకు పైనే. కన్వెక్సిటీ గుర్తు మారిన సంగతి రెండు విభాగాల స్ప్రెడ్‌షీట్లలోనూ లేదు, ఎందుకంటే చెల్లింపులు ఖాయమనుకుని గట్టే సూత్రం నుంచి మైనస్ అంకె ఎప్పటికీ రాదు. స్క్రీను మీద కాలబుల్ బాండుకు ప్లస్ కన్వెక్సిటీ 0.0438 కనిపించినప్పుడే ప్రశ్నించి ఉండాల్సింది.

ఈ 4.16 కూడా ఒక శాతం కదలికతో గట్టినదే. కాబట్టి పైన చెప్పిన కారణం వల్ల అది సూత్రం నెగ్గిందనడానికి రుజువు కాదు. అది మోడల్ ధర మాత్రమే. ఈ బాండు ధర గీత 100 దగ్గర గట్టిగా వంగుతుంది కాబట్టి 10 బేసిస్ పాయింట్లతో గట్టిన D, C లు ఒక శాతం దాకా నమ్మదగినవి కావు. ఇలాంటి బాండుకు సూత్రం పక్కనపెట్టి నేరుగా ధర గట్టడమే మేలని నా అభిప్రాయం.

రెండు బాండ్లకూ నేరుగా గట్టిన ధరలతో కలిపితే 8.73 ఒకటి, 1.25 మరొకటి, మొత్తం 9.98 శాతం. గీత 10.

నిర్ణయం

లోపలే ఉన్నాం కదా అని కొందరన్నారు. కాలబుల్ బాండు నష్టం మోడల్‌కు ఇచ్చే వొలటిలిటీ, అంటే వడ్డీ రేట్లు ఎంతగా ఊగిసలాడతాయన్న అంచనా, మీద ఆధారపడి ఉంటుంది. అది 4.16 బదులు 4.25 అయితే చాలు, మొత్తం 10 దాటుతుంది. ఆ మాత్రం తేడా రెండు మోడళ్ల మధ్య మామూలే. కాబట్టి 9.98 అంకెను గీత లోపల ఉన్నట్టుగా చదవొద్దని చెప్పాను.

ఏది అమ్మాలన్నది తర్వాతి ప్రశ్న. తప్పుదారి పట్టించింది కాలబుల్ బాండు కాబట్టి అదే పోవాలని కమిటీలో ఒకరు పట్టుబట్టారు. లెక్క వేరేలా చెప్పింది. మొత్తం విలువలో 5 శాతాన్ని కాలబుల్ బాండు నుంచి ఏడాది కాలపు పత్రాలకు మారిస్తే నష్టం 9.98 నుంచి 9.82కే దిగుతుంది. అదే 5 శాతాన్ని 30 ఏళ్ల బాండు నుంచి మారిస్తే 9.40కి దిగుతుంది. దీనికీ ఒక ఖరీదుంది. ఈల్డ్ 7కు చేరితే 30 ఏళ్ల బాండు డ్యూరేషన్ 13.84 నుంచి 12.81కి తగ్గుతుంది, కాలబుల్ బాండుది పెరుగుతుంది. అంటే మంచి వంపు ఉన్నదాన్ని అమ్మి, చెడ్డ వంపు ఉన్నదాన్ని ఉంచుకుంటున్నాం. అందుకే 30 ఏళ్ల బాండు నుంచి 5 శాతం మార్చి, కాలబుల్ బాండ్లను కొత్తగా కొనడం ఆపారు. నిధి తీర్చాల్సిన పింఛన్లు కూడా దీర్ఘకాలానివే కాబట్టి, ఆస్తులను మాత్రమే చూసే ఈ గీత సరైనదేనా అని నేను అడిగాను. అది వేరే చర్చగా నమోదైంది.

నివేదికలో మార్పులు

ఇప్పుడు ప్రతి బాండు పక్కనా మూడు నిలువు వరుసలు ఉంటాయి: డ్యూరేషన్ ఒక్కటే, డ్యూరేషన్‌తో కన్వెక్సిటీ, నేరుగా గట్టిన ధర. చివరి రెండింటి మధ్య తేడా పావు శాతం దాటితే కారణం రాయాలి. ఖాయమైన చెల్లింపులున్న బాండుకు కన్వెక్సిటీ డ్యూరేషన్ వర్గం కంటే తక్కువగా ఉంటే ఆ గడి ఎర్రబడుతుంది.

ఈ పట్టిక చూశాక కమిటీ రెండు శాతం పెరుగుదలకూ అంచనా అడిగింది. 30 ఏళ్ల బాండుకు సూత్రం 21.75 శాతం నష్టమని చెప్పింది. 8 శాతం ఈల్డ్ దగ్గర నేరుగా గట్టిన ధర 77.38, నష్టం 22.62. కదలిక రెండింతలైతే తేడా, కుదించని అంకెల్లో చూస్తే, 0.117 నుంచి 0.877కు, దాదాపు ఏడున్నర రెట్లకు ఎగబాకింది. సూత్రం వదిలేసిన పదం Δy ఘనంతో పెరుగుతుంది మరి. రెండు శాతం వరుసలో మధ్య గడిని ఖాళీగా వదిలేశాం.